నంబరు ఎక్కడిదని అడిగే మనిషి

మా వదినకు ఆఫీసులో భూతద్దం అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు కానీ, ఇంతకన్నా అతికినట్టు కుదిరే పేరు ఇంకోటి దొరకదు. పాల ప్యాకెట్ మీద తేదీ దగ్గర్నుంచి మా అన్నయ్య చెప్పే సాకుల దాకా దేన్నీ పరీక్షించకుండా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని అన్నయ్య అంటే, ఏ రోడ్డులో, ఎవరి వెనక అని అడుగుతుంది. పెళ్లయిన కొత్తలో అన్నయ్య దీన్ని ప్రేమ అనుకున్నాడట. ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు, పిచ్చి మారాజు.

వదినా నేనూ ఒకే ఆఫీసులో పని చేస్తాం. టైర్ల కొట్టు పైన మూడో అంతస్తు. ఎండాకాలంలో గదంతా రబ్బరు వాసన. ఏదైనా కంపెనీ ఎవరికైనా ఉద్యోగం ఇస్తానన్నాక, అతను ఇచ్చిన కాగితాలు నిజమో కాదో కనుక్కోమని మాకు పంపుతుంది. అతను సరేనని సంతకం పెట్టాకే మేం మొదలుపెట్టాలి. చదివానన్న చోట చదివాడా, చేశానన్న చోట చేశాడా, ఆ సర్టిఫికెట్ ఇచ్చామని ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటారా, ఇవీ మా ప్రశ్నలు. అన్నీ సరిపోతే రిపోర్టు పచ్చ, తేడా ఉంటే ఎరుపు. ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. మేం చూసింది చూసినట్టు చెప్పేవాళ్లం, అంతే.

వదిన ఈ పనికి రావడం వెనక ఒక ప్రింటింగ్ ప్రెస్ ఉంది. వాళ్ల నాన్న అందులో పని చేసేవాడు. చిన్నప్పుడు పిల్లలందరూ బొమ్మలతో ఆడుకుంటుంటే ఈవిడ తప్పు పడి పారేసిన పెళ్లి కార్డులతో ఆడుకునేదట. ఏ సిరా ఏ కాగితం మీద ఎలా పాకుతుందో, వేలితో తడిమితే ఏ అక్షరం ఉబ్బుగా తగులుతుందో అప్పుడే వంటబట్టింది. తర్వాత బుద్ధిగా డిగ్రీ చదివింది, బ్యాంకులో చేరింది, అక్కడ పైవాళ్లతో పేచీ పెట్టుకుని మానేసింది. పేచీ దేనికని అడిగితే సంతకం దగ్గర అంటుంది. అంతకు మించి చెప్పదు. మా ఆఫీసులో చేరాక మాత్రం చేప నీళ్లలో పడింది.

నన్ను కూడా ఈ ఉద్యోగంలో చేర్చింది ఆవిడే. మొదటి రోజు పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పింది. కాగితం అందంగా ఉందా, అసహ్యంగా ఉందా అని చూడకు, నిజమైన సర్టిఫికెట్లలో సగం వంకరగా ఉంటాయి, కాఫీ మరకలుంటాయి, దొంగవాడు మాత్రం ముచ్చటగా చేస్తాడు అని. అనుమానం వేరు, రుజువు వేరు అని కూడా చెప్పింది. ఇచ్చినవాళ్లు ఇవ్వలేదని చెప్పేదాకా దేన్నీ దొంగది అనకూడదట. ఇవన్నీ నేను బుద్ధిగా తలూపుతూ విన్నాను. విన్నవి గుర్తుంచుకోవడం మరో విద్య.

ఎందుకంటే ఈ కథ జరిగేనాటికి నా కాళ్లు నేల మీద లేవు. నాకు పెళ్లి కుదిరింది. అబ్బాయి టవర్ క్రేన్ ఆపరేటర్. ఊళ్లో లేచే ప్రతి పెద్ద భవనానికీ నెత్తిన ఒక క్రేన్ ఉంటుంది కదా, దాని గదిలో కూర్చుని ఇనుప కడ్డీల కట్టలు పైకి లాగేవాడు. మా ఇంట్లో అతని పేరు ఆకాశం. మధ్యాహ్నం తిండి తినేటప్పుడు అంత ఎత్తునుంచి నాకు ఫోన్ చేసి, మీ ఆఫీసు డాబా మీద ఎవరో బట్టలారేస్తున్నారు అని చెప్పేవాడు. నేను పరుగెత్తుకెళ్లి చూస్తే నిజంగానే ఆరేస్తూ ఉండేవాళ్లు. ఇంతకన్నా గొప్ప ప్రేమకథ నేను వినలేదు.

పాత పని అయిపోయింది. పెద్ద భవన నిర్మాణ కంపెనీ ఒకటి అతన్ని తీసుకుంటానంది. రిపోర్టు పచ్చగా వస్తే చేరొచ్చు. చేరగానే పెళ్లి, రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ కూడా తీసుకున్నాం. బాల్కనీ ఉన్న ఒక వాటా అద్దెకు మాట్లాడుకున్నాం. ఆ బాల్కనీలో ఏ మొక్కలు పెట్టాలో నేను అప్పటికే మూడుసార్లు నిర్ణయించి నాలుగోసారి మార్చాను.

ఆ కంపెనీ పని చేసేది మా ఆఫీసుతోనే. ఆకాశం ఫైలు వచ్చి వదిన కంప్యూటర్‌లోనే పడింది. ఆవిడ పేరు చూసింది, తెరవకుండానే లేచి మేనేజర్ గారి గదికి వెళ్లింది. ఈ అబ్బాయి మా ఇంటి అల్లుడు కాబోతున్నాడు, నేనూ మా ఆడపడుచూ ఈ ఫైలు ముట్టుకోకూడదు అని చెప్పేసింది. పద్ధతి అదే. మేనేజర్ గారు దాన్ని స్పీడుకు ఇచ్చారు.

స్పీడు అంటే మా ఎదుటి సీటు కుర్రాడు. నెలలో అందరికన్నా ఎక్కువ ఫైళ్లు మూసేవాడు, కూనిరాగం తీస్తూ మూసేవాడు. ఆ రోజు కూడా రాగం తీస్తూనే సర్టిఫికెట్ మూలనున్న గళ్ల క్యూఆర్ గుర్తును ఫోన్‌తో స్కాన్ చేశాడు. శిక్షణ సంస్థ పేరుతో ఒక వెబ్‌సైటు తెరుచుకుని, చెల్లుతుంది, ఫస్ట్ క్లాస్ అని చూపించింది. దాంతో ఆగకుండా సర్టిఫికెట్ కింద ఉన్న నంబరుకు ఫోన్ కూడా చేశాడు. అవతల ఒక పెద్దమనిషి, అవునండీ మా విద్యార్థే, చాలా మంచి కుర్రాడు అన్నాడు. స్పీడు పచ్చ కొట్టి, నా బల్ల మీద ఒక చాక్లెట్ పెట్టి, పెళ్లికి పిలవమన్నాడు. నేను నీళ్ల ఫిల్టరు దాకా గెంతుతూ వెళ్లి గెంతుతూ వచ్చాను. గ్లాసులో నీళ్లు పట్టుకోవడం మర్చిపోయాను.

అప్పుడు వదిన తల తిప్పకుండా అడిగింది.

"నంబరు ఎక్కడిది?"

"సర్టిఫికెట్ మీదే ఉందిగా అక్కా," అన్నాడు స్పీడు.

గదిలో కూనిరాగం ఆగిపోయింది. మేనేజర్ గారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు, విన్నారు. మా పనిలో ఇంతకన్నా పెద్ద తప్పు లేదు. కాగితం మీదున్న నంబరుకు ఫోన్ చేయడమంటే, నువ్వు దొంగవా అని దొంగనే అడగడం. నంబరు వేరే దారిలో సంపాదించాలి. శిక్షణ సంస్థలకు గుర్తింపు ఇచ్చే బోర్డు అచ్చువేసే జాబితాలోనో, సంస్థ అసలు వెబ్‌సైటులోనో వెతికి, అక్కడికి చేయాలి. స్పీడుకు ఇది తెలియక కాదు. నా మొహం చూసి తొందరపడ్డాడు, అంతే.

నాకు ఒళ్లు మండింది. ఫైలు ముట్టుకోనని చెప్పిన మనిషికి అందులోని నంబరుతో ఏం పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని గొణిగాను, వినపడేలాగే గొణిగాను.

మేనేజర్ గారు ఫైలు మళ్లీ తెరిపించారు. స్పీడు వెబ్‌సైటు అడ్రసు చూశాడు. బోర్డు జాబితాలో ఉన్న అడ్రసు వేరు, ఇది వేరు. పేరు చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంది కానీ తోక మారింది. ఎప్పుడు పుట్టిందో వెతికితే, సర్టిఫికెట్ మీదున్న తేదీకి అసలు ఆ వెబ్‌సైటే లేదు. అప్పుడు స్పీడుకు ఏం తోచిందో, సర్టిఫికెట్ నంబరు అడిగే చోట తన స్కూటర్ నంబరు కొట్టాడు.

చెల్లుతుంది. ఫస్ట్ క్లాస్. టవర్ క్రేన్ ఆపరేటర్.

స్పీడు స్కూటర్‌ని మేం అభినందించాం. తర్వాత మేనేజర్ గారు తన చెప్పుల సైజు కొట్టారు. దానికీ ఫస్ట్ క్లాస్ వచ్చింది. ఆయన నవ్వడం నేను అదే మొదటిసారి చూడడం. మిగతావాళ్లు వంతులవారీగా కరెంటు మీటరు నంబర్లు, పిల్లల పుట్టినరోజులు కొట్టారు. స్టూలెక్కితే కళ్లు తిరిగే నేను కూడా నా ఫోన్ నంబరుతో క్రేన్ ఆపరేటర్‌నయ్యాను. కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వు నాలుగు విధాల చేటు అంటారు. ఐదో విధం నాకప్పుడు తెలిసింది. మేం నవ్వుతున్నది ఎవరి సర్టిఫికెట్ చూసి? వదిన ఒక్కతే నవ్వలేదు, నన్నే చూస్తోంది.

మేనేజర్ గారు అదే రోజు అసలు సంస్థ పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టించారు. సర్టిఫికెట్ కాపీ, ఆకాశం సంతకం చేసిన అనుమతి జతచేశారు. కంపెనీకి సంగతి చెప్పారు. కాపీ కాకుండా చేతిలో ఉన్న కాగితమే చూపించి, అది ఎలా వచ్చిందో రాసివ్వమని కంపెనీ ఆకాశానికి కబురు పెట్టింది.

ఆ సాయంత్రం వదినతో నేను మాట్లాడలేదు. బస్సులో వేరే సీటులో కూర్చున్నాను. ఇంటికొచ్చి గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగాను. చివరికి ఉండబట్టలేక, ఒక్క రోజు నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది అని అడిగేశాను.

"ఏం పోయేది కాదు నాకు," అంది వదిన. "క్రేన్ కింద నిలబడేవాళ్లున్నారు కదమ్మా. వాళ్లకి నీ పేరు తెలీదు, నా పేరు తెలీదు. ఎవరో చూసే ఉంటార్లే అన్న ధైర్యంతో నిలబడతారు. ఆ ఎవరో మనమే."

జవాబు లేనప్పుడు ఏడవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఏడ్చాను. ఆవిడ నా చేతిలో సబ్బు గిన్నె తీసుకుని మిగతావి కడిగేసింది.

మర్నాడు ఆకాశం వచ్చాడు, కాగితం పట్టుకుని, మొదటిది పోతే సంస్థ బదులు ఇచ్చింది ఇదే అంటూ. ఎత్తు మీద గాలికి ఊగే గదిలో కూర్చుని కూడా వణకని మనిషి, మా వంటింటి కుర్చీలో కూర్చుని వణికాడు. వదిన నేనీ ఫైలు ముట్టుకోనని అతనికీ చెప్పింది. కాగితం మాత్రం మన ఇంట్లో బల్ల మీద ఉంది కాబట్టి కళ్లు మూసుకోలేనంటూ భూతద్దం తెచ్చింది. నన్నూ చూడమంది. ముద్ర సిరాతో కొట్టింది కాదు, భూతద్దంలో రంగురంగుల చుక్కలుగా విడిపోయింది, అంటే మిగతా కాగితంతో పాటే ప్రింటరు నుంచి వచ్చింది. సంతకం కూడా అంతే, కలం నొక్కిన గుర్తు వెనక ఎక్కడా తగలలేదు. పేరు రాసిన వరసలో అక్షరాలు చుట్టుపక్కల వాటికన్నా వెంట్రుకవాసి లావు, కొంచెం కిందికి దిగి ఉన్నాయి. అన్నిటికన్నా పెద్దది, ఇది పోయినదానికి బదులు ఇచ్చిన కాగితం అంటున్నాడు, మరి బదులు ఇచ్చినట్టు ఎక్కడా ముద్ర లేదు, తిరిగి ఇచ్చిన తేదీ లేదు.

"అసలుది ఏమైంది తమ్ముడూ?" అని అడిగింది వదిన.

పోతుందేమోనన్న భయంతో ఎప్పుడూ చొక్కా లోపలి జేబులోనే పెట్టుకునేవాడట. ఆ చొక్కాను వాషింగ్ మెషిన్‌లో వేశాడట. సర్టిఫికెట్ ముద్దయి బయటికొచ్చింది. జిరాక్స్ కొట్టు దగ్గర ఒకతను, సంస్థ చుట్టూ తిరగడం మీవల్ల కాదు, నేను తెప్పిస్తానన్నాడు. తెప్పించాడు. అంతే కథ. శిక్షణ తీసుకున్న మాట నిజం, పరీక్ష పాసైన మాట నిజం, ఒట్టు అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. చూశావా వదినా అనబోయాను.

అప్పుడు అతను తల దించుకున్నాడు. "ఇంకో సంగతుంది అక్కా. నేను పాసయింది సెకండ్ క్లాస్‌లో. ఇందులో ఫస్ట్ క్లాస్ అని వచ్చింది. చూశాను. వాళ్లే పెంచారేమోలే అనుకుని ఊరుకున్నా."

ఫస్ట్ క్లాస్ అని అతను నాకు ఎన్నిసార్లు చెప్పాడో నాకు తెలుసు. నేను ఎంతమందికి చెప్పానో కూడా తెలుసు. కోపం వచ్చింది. ఆ వెంటనే, చెప్పాలంటే సిగ్గుగా ఉంది కానీ, నవ్వు కూడా వచ్చింది. పరీక్ష పాసైన మనిషి పాసైన పరీక్షకే దొంగ కాగితం కొనుక్కోవడం, అదీ తెలియకుండా, పైగా మార్కులు పెరిగాయని లోలోపల మురిసిపోవడం! వదిన పెదవి కూడా కదిలింది, నేను చూశాను. మరుక్షణం సర్దుకుంది.

కంపెనీకి జవాబు రాయడానికి కూర్చున్నాడు. వాషింగ్ మెషిన్ రాశాడు, జిరాక్స్ కొట్టు రాశాడు. క్లాసు దగ్గరికొచ్చి కలం ఆగింది. దాన్ని రాయకపోతే మోసపోయిన మనిషి అవుతాడు, జాలిపడతారు. రాస్తే తెలిసి ఊరుకున్న మనిషి అవుతాడు. అతను వదిన వైపు చూశాడు. వదిన గోడ వైపు చూసింది. ఇక మిగిలింది నేను.

"రాయి," అన్నాను. "ఉద్యోగం పోతే పోనీ. బాల్కనీ లేని ఇల్లు చూసుకుందాం."

రాశాడు. ఆ క్షణంలో అతను నాకు ఎంత నచ్చాడో చెప్పలేను. ఎదురుగా వదిన ఉంది కాబట్టి మర్యాదగా మంచినీళ్లు ఇచ్చి ఊరుకున్నాను.

సంస్థ జవాబు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. వచ్చినరోజు మేనేజర్ గారు స్పీడు చేత చదివించారు. జతచేసిన కాగితం మేమిచ్చింది కాదు, దాని మీద నంబరు ఫోర్క్‌లిఫ్ట్ కోర్సు చేసిన వేరే వ్యక్తిది, సంతకం చేసిన డైరెక్టరు ఆ తేదీకి మా దగ్గర పనిలోనే లేరు అని రాశారు. స్పీడు అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఆగాడు. ఆ ఆగడానికి నేను వాణ్ణి ఈ జన్మలో క్షమించను. అయితే, అన్నాడు వాడు, ఈ పేరు, ఈ పుట్టినతేదీ గల అభ్యర్థి మా రికార్డుల ప్రకారం ఆ బ్యాచ్‌లో టవర్ క్రేన్ పరీక్ష సెకండ్ క్లాస్‌లో పాసయ్యారు.

రిపోర్టులో రెండు సంగతులూ వెళ్లాయి. ఇచ్చిన కాగితం సంస్థది కాదు, అది ఎరుపు. అర్హత ఉన్నమాట సంస్థ ధ్రువీకరించింది, అదీ రాశారు. ఎరుపును గులాబీ చేయమని ఎవరూ అడగలేదు, నేను కూడా.

కంపెనీ భద్రతాధికారి ఆకాశాన్ని పిలిపించింది. పెద్ద వయసావిడ, నెత్తి మీద హెల్మెట్‌తోనే కుర్చీలో కూర్చుందట. క్లాసు సంగతి నువ్వు రాయకపోతే ఈ పాటికి నీకు నమస్కారం పెట్టి పంపేదాన్ని, రిపోర్టులో అది ఎలాగూ వచ్చింది అని చెప్పిందట. నిజమైన డూప్లికేట్ తెచ్చుకోమంది, అది సరైనదేనని సంస్థ తనకు నేరుగా రాయాలంది. అవి వచ్చాక క్రేన్ ఎక్కించి తన ఎదుటే బరువులు ఎత్తించి దింపించింది. చివరికి తీసుకుంది, కొన్నాళ్లు అనుభవమున్న ఆపరేటరు పక్కనుండగానే నడపాలన్న షరతుతో. జిరాక్స్ కొట్టువాడి వివరాలు సంస్థ అడిగి తీసుకుంది. పోలీసులు వెళ్లేసరికి కొట్టుకు తాళం ఉంది, వెబ్‌సైటు మాత్రం ఇంకా అందరినీ ఫస్ట్ క్లాస్‌లో పాస్ చేస్తూనే ఉందట. తర్వాత దాన్నీ తీసేశారు.

బాల్కనీ ఉన్న వాటా చెయ్యి జారిపోయింది. కిటికీ ఉన్నది దొరికింది. ఆ కిటికీలోంచి అతని క్రేన్ కనపడుతుంది కాబట్టి నాకేం లోటు లేదు.

పెళ్లి తేదీ వెనక్కి జరిగినా, పెళ్లి జరిగింది. రిజిస్ట్రారు ఆఫీసులో వదిన సాక్షి సంతకం పెట్టింది. గుమస్తా సర్టిఫికెట్ చేతికివ్వగానే మేమందరం ఊపిరి బిగబట్టాం. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తుందని, ముద్రను తడుముతుందని స్పీడు పందెం కాశాడు. వదిన ఒక్కసారి చూసి, మడతపెట్టకుండా జాగ్రత్తగా కవరులో పెట్టి నాకిచ్చేసింది. స్పీడు పందెం ఓడిపోయాడు. ఈవిడ కూడా మారుతుందన్నమాట అనుకుని నేను మురిసిపోయాను.

కారు దగ్గర అందరం ఎక్కాం, వదిన ఎక్కలేదు. మెట్ల పక్కన నీడలో నిలబడి, పర్సులోంచి ముందే నంబరు రాసి పెట్టుకున్న చీటీ తీసి ఫోన్ చేస్తోంది. లోపల, మేం ఇప్పుడే బయటికొచ్చిన గదిలో, ఫోన్ మోగడం ఇక్కడికి వినిపించింది. గుమస్తా ఎత్తడం, విసుక్కోవడం, పుస్తకం తిరగేయడం కిటికీలోంచి కనిపించాయి. ఆకాశం నవ్వాపుకోలేక చేతిగుడ్డ నోట్లో కుక్కుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. దిగి వెళ్లి ఫోన్ లాక్కుందామనుకున్నాను.

వదిన ఫోన్ పెట్టేసి కారు దగ్గరికొచ్చింది. కిటికీ అద్దం దించమని సైగ చేసింది. చూస్తే ఆవిడ కళ్ల నిండా నీళ్లు. మా వదిన ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు.

"నిజమేనటమ్మా," అంది. "నీకు పెళ్లయిపోయింది."